తొమ్మిదక్క వెతికిన ఇరవై ఏడు

మా ఆసుపత్రి మందుల స్టోరు ఇన్‌చార్జిని అందరూ చాటుగా తొమ్మిదక్క అంటారు. ముఖం మీదే అనే చనువు నాకొక్కడికే ఉంది. మూటలు మోసి నడుం వంగినవాణ్ణని ఆవిడ నన్ను బాబాయ్ అంటుంది, ఊరుకుంటుంది.

లెక్కలో తేడా వస్తే ఆవిడ ముందు దాన్ని తొమ్మిదితో భాగిస్తుంది. శేషం మిగలకపోతే, స్టాకు షీటులో మొత్తం ఎక్కించేటప్పుడు ఎవరైనా పక్కపక్క అంకెలు తారుమారు చేశారేమోనని చూస్తుంది. పదుల అంకె ఒకట్లలోకి దిగితే తన తొమ్మిది రెట్లు పోగొట్టుకుంటుంది. ఒకట్ల అంకె పదుల్లోకి ఎక్కితే తన తొమ్మిది రెట్లు తెచ్చుకుంటుంది. అందుకే తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. భాగఫలమేమో ఆ రెండంకెల మధ్య దూరం. స్టోరులో గుమాస్తాగా చేరిన తమ్ముడికి ఈ కిటుకు ఆవిడే నేర్పింది. తల్లి పోయాక ఆవిడ చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

ఈసారి మత్తు ఇంజక్షన్లు షీటులో ఉన్నదానికంటే ఇరవై ఏడు తక్కువొచ్చాయి. పోయిన నెల, ఆవిడ సెలవులో ఉన్నప్పుడు, పద్దెనిమిది తగ్గితే తమ్ముడే సరిచేశాడు. వార్డుకిచ్చినవి 253 అని, తాను 235 అని తప్పుగా ఎక్కించానని. ఆ పద్దెనిమిదికి లెక్క చెప్పలేక వార్డు సిస్టరు అందరి ముందూ ఏడ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే ఆ సిస్టరు ఉద్యోగం ఊడినట్టే.

"ఇరవై ఏడంటే తొమ్మిది మూళ్లు కదక్కా. 352ని 325 అని రాసుంటాను. దిద్దేస్తే పోలా?" అన్నాడు తమ్ముడు.

"తొమ్మిదితో పోయిందంటే అంకెలు తారుమారై ఉండొచ్చనేరా. అయ్యాయని కాదు. తప్పు కంటికి కనబడాలి. బాబాయ్, వార్డు చీటీలు తీసుకురా."

తెచ్చాను. సిస్టరు సంతకం పెట్టిన చీటీలో 325 అనే ఉంది. మిగతావీ ఒక్కొక్కటి చదివాను, ఆవిడ టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఎక్కడా అంకె అటూ ఇటూ కాలేదు.

ఆవిడ పోయిన నెల చీటీ అడిగింది. అందులో 235.

అంటే అప్పుడు తప్పు లేనే లేదు. వాడే లేని తప్పు పుట్టించి, సరిచేసినట్టు దిద్దాడు. కాజేసిన ఇంజక్షన్లు కూడా తొమ్మిది లెక్కన చూసుకుని తీశాడు. వీడికి రోజూ నా డబ్బాలో అన్నం పెట్టాను.

ఆవిడ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి తమ్ముణ్ణి అడిగింది.

"ఈ తొమ్మిది సంగతి నీకెవరు చెప్పార్రా?"

"నువ్వేగా, అక్కా."

ఆవిడ ఫోను అందుకుని సూపరింటెండెంటు నంబరు నొక్కింది. రెండంకెలు తారుమారయ్యాయి. పెట్టేసి, మళ్లీ మొదటినుంచి నొక్కింది.