గోడ మీద మునెమ్మ చేయి

మా వీధి మలుపులో బోరు కొళాయి ఉంది. ప్రతి ఉదయం సిద్దప్ప అక్కడికి రెండు బిందెలతో వచ్చేవాడు. మొదటి బిందె తనది కాదు, వెనక వీధి నారాయణమ్మది. మోకాళ్ల నొప్పులతో ఆమె గడప దాటలేకపోయేది. ఆ బిందె నింపి, ఆమె గుమ్మం దగ్గర దించి, మళ్లీ వచ్చి తన బిందె పట్టుకునేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే, "పొయ్యే దోవే కదమ్మా" అనేవాడు. ఆ ఇల్లు ఆయన పోయే దోవలో లేదు.

సిద్దప్పది పుంగనూరు దగ్గర పల్లె. పొలంలో బోరు ఎండిపోయాక మదనపల్లె వచ్చి టమాటా మండీలో కూలికి చేరాడు. కొన్నాళ్లకు భార్య మునెమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని కృష్ణవేణమ్మ ఇంట్లో కింది భాగం బాడుగకు తీసుకున్నాడు. ఐదు నెలల బాడుగ అడ్వాన్సు ఇచ్చాడు. అప్పుడే రంగు వేసిన ఇల్లు. లేత పసుపు గోడలు చూసి, "గుడి మాదిరి ఉండాది" అని మునెమ్మ మురిసిపోయింది.

రోజూ కొంచెం నడిపించమని డాక్టరు చెప్పాడు. మంచం దగ్గర నుంచి వీధి తలుపు దాకా వాళ్ల నడక. పడిపోయిన ఎడమ చేయికి ఆమె తన కుడి చేత్తోనే నూనె రుద్దుకునేది. ఆ తర్వాత ఎడమ పక్క సిద్దప్ప పట్టుకుంటే, కుడి అరచేయి గోడకు ఆనించి అడుగులు వేసేది. ఏడాది తిరిగేసరికి గోడ మీద నడుమెత్తున నల్లటి చార పడింది. ఆ చార మంచం దగ్గర మొదలై తలుపు దగ్గర ఆగేది.

మునెమ్మకు ఆ చార ఒక బెంగ అయింది. "పరాయోళ్ల గోడప్పా. మనమొచ్చినాక ఇల్లు చెడిందని అనిపించుకోగూడదు. పొయ్యేనాడు ఆ మాట పడకుండా సూడు" అనేది. "నువ్వు నడువు ముందు. గోడ యాడికీ పోదులే" అని సిద్దప్ప నవ్వేవాడు.

ఐదేళ్లు అలా నడిచింది. పోయిన వానాకాలంలో నడక ఆగింది. మునెమ్మ పది రోజులు మంచం మీదే ఉండి దైవసన్నిధి చేరింది. ఆఖరి రోజుల్లో కూడా రెండుసార్లు గోడ వైపు చూసి, "ఆ మాట పడొద్దు" అందని సిద్దప్పే మాకు చెప్పాడు.

కుప్పంలో ఉన్న కూతురు రూప, "నాయనా, ఒక్కడివే యాల ఆడ? నా దగ్గరికి రా" అని పట్టుబట్టింది. ఖాళీ చేస్తానని సిద్దప్ప కృష్ణవేణమ్మకు నెల ముందే చెప్పాడు.

ఇల్లు అప్పగించే ముందు రోజు సాయంత్రం ఆయన ఒక పని చేశాడు. బకెట్లో బట్టల సోడా కలిపి, కొబ్బరి పీచుతో తలుపు వైపు నుంచి ఆ చారను రుద్దడం మొదలుపెట్టాడు. జిడ్డు కొంచెం కరిగింది. ఇంకొంచెం గట్టిగా రుద్దాడు. జిడ్డుతోపాటు రంగు పొక్కులు పొక్కులుగా ఊడి, కింద సిమెంటు బయటపడింది. ఆయన చేయి ఆగిపోయింది. ఎదురింటి నుంచి టీ గ్లాసుతో వెళ్లిన నేను చూసేసరికి తడి నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైందన్నా?"

"ఆయమ్మ తలుపు దాకా వచ్చి నిలబడే చోటు ఇది. నేనే తుడిచేసినానమ్మా" అన్నాడు. టీ చల్లారిపోయింది.

మరుసటి ఉదయం కృష్ణవేణమ్మ, ఆమె తమ్ముడు వెంకటేష్ వచ్చారు. వెంకటేష్ బెంగుళూరులో ఇళ్లు బాడుగకు ఇప్పిస్తుంటాడు. సిద్దప్ప వాళ్లు ఇంట్లో చేరినప్పుడు తీసిన ఫోటోలు ఫోన్‌లో పెట్టుకుని గది గది చూశాడు.

వంటింటి కొళాయి కారుతోంది. "వాషరు అరిగింది. వాడితే అరగదా? అది మనదే" అంది కృష్ణవేణమ్మ. తలుపు కింది చెక్క నీళ్లకు ఉబ్బింది. అదీ అంతే. గచ్చు నునుపు పోయింది. "నడిచినారు కాబట్టి పోయింది. నీ మాదిరి కుర్చీలో కూర్చుంటే పోయేది కాదులే" అని తమ్ముడిని దెప్పింది.

స్నానాల గదిలో మునెమ్మ పట్టుకోవడానికని సిద్దప్ప ఒక రాడ్డు బిగించాడు. ఆ బిగింపులో రెండు టైల్సు పగిలాయి. ఆయనే ముందు చూపించాడు. "ఇది నేను చేసిందే. అడగకుండా గోడకు తూటు కొట్టినా. అడ్వాన్సులో పట్టుకోండి" అన్నాడు.

"రెండు టైల్సు, మేస్త్రీ కూలి. అంతే. గది మొత్తానికి కాదు" అంది కృష్ణవేణమ్మ. సిద్దప్ప తలూపాడు.

తర్వాత గోడ దగ్గరికి వచ్చారు. వెంకటేష్ ఫోటో చూసి గోడ చూశాడు. "ఏందన్నా ఈ మురికి? ఇల్లు ఇట్లా పాడు చేస్తే ఎట్లా? మా బెంగుళూరులో రంగుకని ఒక నెల బాడుగ ఊరికే పట్టుకుంటారు. దీనికి రెండు నెలలు పట్టాల."

సిద్దప్ప, "రెండు కాకపోతే మూడు నెలలు పట్టుకోప్పా. ఆ మాట మాత్రం అనొద్దు. ఆయమ్మ పాడు చేసిందని అనొద్దు" అన్నాడు.

వెంకటేష్‌కు అర్థం కాలేదు. కృష్ణవేణమ్మ దగ్గరికి పోయి, చార మీద తన అరచేయి ఆనించింది. మునెమ్మ చేయి ఉండే ఎత్తుకు ఆమె కొంచెం వంగాల్సి వచ్చింది.

"ఒరేయ్, ఈ రంగు వేసి ఐదేళ్లు దాటింది. వీళ్లున్నా లేకున్నా ఈ ఏడు వేయించాల్సిందే. మనుషులున్న ఇంట్లో చేతులు తగిలితే గోడ నల్లబడతాది. అది పాడు చేసినట్టు కాదు, బతికినట్టు. దీనికి పైసా పట్టేది లేదు" అంది. ఆయన వైపు తిరిగి, "మునెమ్మ నా ఇల్లు పాడు చేయలేదు సిద్దప్పా" అంది.

ఆయన రెండు చేతులూ జోడించాడు.

వెంకటేష్ అక్కను కాదనలేదు. కానీ తలుపు పక్కన సిమెంటు తేలిన చోట వేలు పెట్టాడు. "మరి ఇదో? ఇది చేయి తగిలితే పోయింది కాదే."

కృష్ణవేణమ్మ అక్కడ కూడా చేయి పెట్టి చూసింది. ఆమె ఆయనకూ అన్యాయం చేయదు, తమ్ముడి మాటలోని న్యాయాన్నీ తోసెయ్యదు. "ఇది రుద్ది ఊడగొట్టింది. పట్టీ పూసి చదును చేయాలి. ఆ ముక్క వరకు ఖర్చు నీదేనప్పా. తాకకుండా వదిలేసుంటే ఏమీ లేకపోవునే" అంది మెల్లగా.

"నిజమేనమ్మా. ఆయమ్మ ఏమీ చేయలేదు. పాడు చేసింది నేనే" అన్నాడు సిద్దప్ప. అప్పుడు ఏడ్చాడు. ఐదేళ్లు ఆమెను నడిపించిన మనిషి, ఆమె పోయిన రోజు కూడా మా ముందు ఏడవని మనిషి, వెంకటేష్ భుజం పట్టుకుని ఏడ్చాడు. ఆ అబ్బాయి ఫోన్ జేబులో పెట్టేసి, "ఊరుకో పెద్దాయనా" అంటూ వీపు నిమిరాడు.

టైల్సుకు, గోడ ముక్కకు పట్టుకుని మిగిలిన అడ్వాన్సు కృష్ణవేణమ్మ ఆయన చేతిలో పెట్టింది. ఆయన లెక్క చూసుకోలేదు. మూటలు ఆటోలోకి చేరాయి. మేమంతా గుమ్మంలో నిలబడ్డాం.

సిద్దప్ప మళ్లీ లోపలికి వెళ్లి గోడ ముందు ఆగాడు. చేయి ఎత్తాడు గానీ తాకలేదు. బయటికి వచ్చి కృష్ణవేణమ్మతో అన్నాడు:

"అమ్మా, రంగు వేసేటోళ్లు ముందు జిడ్డును ఉప్పు కాయితంతో గీకుతారు. ఆ మిగిలిన చారను గీకొద్దని చెప్పమ్మా. దాని మీదనే వేయమను. ఆయమ్మ చేతి నూనె కొత్త రంగులోంచి బయటికొస్తే కుప్పానికి ఒక ఫోన్ చేయి. ఆ ఖర్చు నాదే. ఈ ఒక్క మేలు చేయి తల్లీ."