నేను దిద్దిన పది శాతం

చదువు మీద జాలేసి దాన్ని ఏడో తరగతిలోనే వదిలేశాను. అయినా దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపులో కూర్చుని టైపు చేస్తూ, కోచింగ్ సెంటర్లో కాస్టింగ్, అంటే ఫ్యాక్టరీ ఖర్చుల లెక్కలు, చెప్పే సారునే తప్పు పట్టాను.

జ్వరంతో పరీక్షకు రాలేకపోయిన ఒక అమ్మాయికి ఆయన వేరే పేపరు రాసి, నాకు టైపుకిచ్చారు. అందులో ఒక లెక్క: ఫ్యాక్టరీలో పవర్ హౌస్ తన సేవలో ఇరవై శాతం రిపేరు విభాగానికి ఇస్తుందట, రిపేరు విభాగం పది శాతం తిరిగి పవర్ హౌస్‌కే ఇస్తుందట. సారు పొరబడ్డారనుకుని ఆ పదిని ఉత్పత్తి విభాగానికి కలిపేశాను. రెండు సమీకరణాలు కలిపి సాధించాల్సిన లెక్కకు సమీకరణాల అవసరమే లేకుండా పోయింది. ఆమె జవాబు సారు జవాబుతో కలవక మార్కులు తగ్గి, ఎక్కువ మార్కుల వాళ్లుండే మొదటి బ్యాచ్‌లో చోటు పోగొట్టుకుంది.

ఆమె పేపరుతో వచ్చి ఏడ్చాక, వెళ్లి సారు ముందు ఒప్పుకున్నాను. బ్యాచ్ తిరిగొచ్చింది. నాకు మాత్రం ఆమె ముఖం చూడాలంటే ఇప్పటికీ సిగ్గే.

"ఒకరికొకరు ఎట్ల ఇచ్చుకుంటరనుకున్నమ్మా," అన్నాను ఆమెతో.

"నీ మిషను ఖరాబైతే రిపేరాయన ఒస్తడు గదన్నా. మరి ఆయన జిరాక్సులు ఎవరు తీస్తరు?"