శుక్రవారానికి ఆదివారం

పాల ప్యాకింగ్ ఫ్యాక్టరీలో రెండో నంబరు మెషీను నడపడం ముగ్గురికే వచ్చు. సాయంత్రం షిఫ్టు చేసే ఆమెను అందరూ పొడుగమ్మ అంటారు. ఉదయం షిఫ్టు చేసే ఆమెది పెద్ద గొంతు, నోట్లో నువ్వుగింజ నానదు, అందుకని రేడియో అని పేరు పడింది. వాళ్ల వారపు సెలవుల్లో రిలీవరు వచ్చి మెషీను చూస్తాడు. పొడుగమ్మకూ రేడియోకూ మధ్య ఏడాదిగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ పగకు కారణం ఒక డ్యూటీ మార్పే. అప్పట్లో పొడుగమ్మ, "వదినా, బుధవారమో గురువారమో ఒకరోజు నా బదులు చూడు" అని నోటిమాటగా అడిగింది. రేడియో సరేనంది. రేడియో గురువారం అనుకుంది, పొడుగమ్మ బుధవారం అనుకుంది. బుధవారం సాయంత్రం మెషీను దగ్గర మనిషి లేక పాలన్నీ మళ్లీ ట్యాంకులోకి పంపాల్సి వచ్చింది. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. తప్పు నీదంటే నీదని క్యాంటీన్లో అందరి ముందూ అరుచుకున్నారు. ఆ రోజు నుంచి పొడుగమ్మ నోట వదిన కాస్తా మీరు అయింది. షిఫ్టు మారేటప్పుడు ప్యాకెట్లు చేసే ఫిల్మ్ రోలు ఎంత మిగిలింది, వాటిని అతికించే సీలు ఎక్కడ లీకవుతోంది అనే నాలుగు ముక్కలు తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

అలాంటి మనిషినే ఇప్పుడు అడగాల్సి వచ్చింది. పొడుగమ్మ తమ్ముడు జైలు నుంచి విడుదలయ్యేది పద్దెనిమిదో తేదీ, శుక్రవారం. తాగిన మైకంలో ఒకడి తల పగలగొట్టి లోపలికి వెళ్లినవాడు. జైలున్న ఊరికి పోయి రావడానికి పగలంతా పడుతుంది. గేటు బయట నిలబడేందుకు అక్క తప్ప వాడికి ఇంకెవరూ లేరు. పొడుగమ్మ మొగుడైతే, వాడి పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతాడు.

ముందు ఆమె సెలవు అడిగింది. మెషీను ఎవరు నడుపుతారన్నాడు షిఫ్ట్ ఇన్‌చార్జి. ఆ శుక్రవారం ఉదయం రేడియో సెలవు కనుక రిలీవరు అప్పటికే డ్యూటీలో ఉంటాడు, ఆ మెమోల నాటి నుంచి వరసగా రెండు షిఫ్టులు చేయనివ్వడం లేదు. ఇక మిగిలింది రేడియో ఒక్కతే.

షిఫ్టు మారే వేళ, మెషీను కడిగిన నీళ్లు ఇంకా నేల మీద పారుతుండగా, పొడుగమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది. ఈసారి మాట జారకూడదని ఇంటి నుంచే వల్లె వేసుకొని వచ్చింది.

"పద్దెనిమిదో తేదీ శుక్రవారం మీకు సెలవు. ఆ రోజు నా సాయంత్రం షిఫ్టు మీరు చేయాలి. బదులుగా ఇరవయ్యో తేదీ ఆదివారం, నా సెలవు రోజు, మీ ఉదయం షిఫ్టు నేను చేస్తాను."

రేడియో చేతిగుడ్డ పిండుతూ తల ఎత్తలేదు. "ఎందుకు?"

"ఇంట్లో పని."

"ఏం పని?"

పొడుగమ్మ చెప్పలేదు. ఈమె చెవిన పడితే క్యాంటీన్ చేరడానికి ఎంతసేపు? "పనేమిటన్నది వద్దు. తేదీలు చెప్పాను, నేనిచ్చేది చెప్పాను. కుదురుతుందో లేదో చెప్పండి."

రేడియో అప్పుడు నవ్వింది, ఎదుటి మనిషి కాలు జారినప్పుడు నవ్వే నవ్వు. "ఏడాదైనా బుద్ధి రాలేదు నీకు. శుక్రవారం రాత్రి పదింటికి దిగి, శనివారం పొద్దున్నే ఆరింటికి మళ్లీ నేనే ఎక్కాలా? మధ్యలో నిద్ర నువ్వు పోతావా నా బదులు?"

అది నిజమే, శనివారం సంగతి పొడుగమ్మకు తట్టలేదు. అంత విరామం చాలదని ఇన్‌చార్జి కూడా సంతకం పెట్టడు. చుట్టూ ఉన్న క్రేట్లు మోసేవాళ్లు చెవులు రిక్కించారు. ముఖం కందగడ్డలా అయినా ఆమె కదలకుండా వేళ్ల మీద లెక్క చూసుకుంది.

"అయితే శనివారం ఇద్దరం మార్చుకుందాం. మీ పొద్దుటి షిఫ్టు నేను చేస్తాను, నా సాయంత్రం మీరు చేయండి. మర్నాడు ఆదివారం ఎలాగూ మీరు రానక్కర్లేదు. సోమవారం నుంచి ఎవరిది వాళ్లకే."

రేడియో కూడా లోలోపల లెక్క వేసుకుంది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పైగా ఆమె పిల్లలకు బడి లేని రోజు ఆదివారమే, ఆ సెలవు కోసం ఆమె ఎన్నేళ్లుగానో మొత్తుకుంటోంది.

"నీ మొహం చూసి కాదు, ఆదివారం చూసి ఒప్పుకుంటున్నా" అంది. "ఇన్‌చార్జి ముందు సంతకాలు పెట్టాలి. ఆదివారం నువ్వు రాలేదో, ఫ్యాక్టరీ గేటు దగ్గరే నీ పరువు తీస్తా."

సంతకాలయ్యాయి. శుక్రవారం పొడుగమ్మ తమ్ముణ్ని తెచ్చుకుంది. బస్సులో వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, ఆమె కొనిచ్చిన అరటిపళ్లు ఒళ్లోనే ఉండిపోయాయి. ఇంటికొచ్చాక బావ పలకరించలేదు. శనివారం పొద్దున ఆమె డ్యూటీకి వెళ్లేసరికి మెషీను అద్దంలా కడిగి ఉంది, కొత్త రోలు ఎక్కించి ఉంది. రేడియో తన వంతు మాట నిలబెట్టుకుంది.

గొడవ ఆదివారం తెల్లవారుతుండగా వచ్చింది. పొడుగమ్మ జడ వేసుకుంటుంటే మొగుడు వంటగది గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఆమె బయటికి వెళ్తే తను ఆమె తమ్ముడితో ఒక్క క్షణం ఇంట్లో ఉండనన్నాడు, ఆమె తిరిగొచ్చేసరికి వాడి సామాను రోడ్డు మీద ఉంటుందన్నాడు. తమ్ముడు లేచి పిడికిళ్లు బిగించాడు. వాడు లోపలికి పోయింది వాటి వల్లే.

డ్యూటీ మానేసి ఇద్దరి మధ్యా కూర్చోవాలనిపించింది. ఒంట్లో బాగాలేదని ఫోను చేస్తే సరిపోతుంది. కానీ అక్కడ రేడియో రాదు, రిలీవరు సాయంత్రానికి గానీ రాడు. మళ్లీ పాలు ట్యాంకులోకి పోతాయి, ఈసారి తప్పు ఎవరిదనే వాదన కూడా ఉండదు. ఆమె తమ్ముడి రెక్క పట్టుకుంది.

"చెప్పులేసుకో. నాతో వస్తున్నావు."

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరమ్మా అని అడిగాడు. ఇన్నాళ్లూ దాచిన మాట ఆమె నోటి నుంచే వచ్చింది. "మా తమ్ముడు. మొన్నే జైలు నుంచి వచ్చాడు. నా డ్యూటీ అయ్యేదాకా ఈ బెంచీ మీద కూర్చుంటాడు." వాచ్‌మన్ వాణ్ని ఎగాదిగా చూసి కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నాడు. షిఫ్టుకు వచ్చే ప్రతి ఒక్కరూ ఆ బెంచీ ముందు నడక నెమ్మదించారు. క్యాంటీన్లో ఆ పూట ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. మెషీను మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు.

సోమవారం మధ్యాహ్నం రేడియో డ్యూటీ అప్పగించడానికి నిలబడింది. సంగతి ఆమెకు చేరకుండా ఎలా ఉంటుంది? పొడుగమ్మ ఎత్తిపొడుపు కోసం కాచుకొని ఉంది.

"కింది సీలు వేడెక్కట్లేదు, చూసుకో" అంది రేడియో. ఆప్రాన్ విప్పింది. "జైలని ముందే చెప్పుంటే ఊరంతా చాటేదాన్ని. చెప్పకపోవడమే మంచిదైంది."

"ఇప్పుడు చాటుకోండి."

"నువ్వే చాటుకున్నాక ఇంకా నాకేం మిగిలింది?" రేడియో ఆప్రాన్ మడిచి చంకలో పెట్టుకుంది. "వచ్చే నెల పది, ఆదివారం, నాకు మళ్లీ సెలవు కావాలి. బదులేమిస్తానో రేపు చెప్తా. నాకు నీ మీద కోపం పోయిందనుకోకు."

"నాకూ పోలేదు" అంటూ పొడుగమ్మ కింది సీలు విప్పడానికి వంగింది.