సారాంశమ్మ అడిగిన ఆధారం

ఆసుపత్రి ఆఫీసులో ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా కనిపించేది కాదు. అందరికీ ఆమె సారాంశమ్మ. ఏ విభాగం వాళ్లయినా పాలకమండలి ముందు ఒక ప్రతిపాదన పెట్టాలంటే స్లైడ్లు పేర్చి డెక్ తయారు చేస్తారు. బొమ్మలు, గీతలు, బాణాలు, చివర పెద్ద అక్షరాల్లో ధన్యవాదాలు. మండలి పెద్దలకు అదంతా చూసే ఓపిక ఉండదు. కాబట్టి డెక్ మొత్తాన్ని ఒక్క పేజీకి కుదించి పైన పెట్టడం ఆమె ఉద్యోగం. పెద్దలు ఆ పేజీ చదివి తలూపుతారు. కిందున్నది తిరగేసేవాళ్లు అరుదు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అందుకే ఆమెకు ఆ పేజీ అంటే భయం. సారాంశం రాసేవాళ్ల చేతికి ఒక పాడు అలవాటు అంటుకుంటుంది. రెండు ముక్కలు పక్కపక్కన కనిపిస్తే చాలు, మధ్యలో ‘కాబట్టి’ అని పెట్టి కలిపేస్తారు. డెక్‌లో లేని కాబట్టి పేజీలో పుట్టుకొస్తుంది. మోకాలికీ బోడిగుండుకీ ముడి పడిపోతుంది, పైగా చదివేవాడికి నున్నగా, హాయిగా ఉంటుంది.

వాళ్ల అన్నయ్య దర్జీ. చిన్నప్పుడు ఆమె కొత్త చొక్కా చూసి బాగుందంటే ఒప్పుకునేవాడు కాదు. “పైనుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయే. తిరగేసి చూడు. అతుకులు లోపలుంటాయి,” అనేవాడు. ఆమె డెక్‌లను కూడా అలాగే తిరగేసేది. ముందు బొమ్మల జోలికి పోకుండా, స్లైడ్ల శీర్షికలు మాత్రం వాడేసిన కాగితం వెనక వైపు వరుసగా రాసుకునేది. వాటిని కథలా పైకి చదివేది. ఒక్కో శీర్షిక తర్వాత “అయితే?” అని ఆగేది, తర్వాతి శీర్షిక దానికి జవాబు కావాలి. అది అయ్యాక మళ్లీ మొదటికొచ్చి ఒక్కోదాన్నీ “ఎవరు చెప్పారు?” అని అడిగేది, ఆ స్లైడు లోపల ఉన్నది పైనున్న మాటను నిలబెట్టాలి. నిలబెట్టని చోట సున్నా చుట్టేది. సున్నాలన్నీ తీరేదాకా సారాంశం మొదలుపెట్టేది కాదు. తయారుచేసినవాళ్లు ఆధారం తెచ్చేవారు, లేదా గొణుక్కుంటూ మాట తగ్గించుకునేవారు. “సారాంశమ్మ సున్నా చుట్టిందంటే గ్రహణం పట్టినట్టే,” అని క్యాంటీన్లో నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేది.

పాత భవనంలోని ఫిజియోథెరపీ విభాగాన్ని మూసేసి, ఊరికి అవతల ఉన్న పెద్దాసుపత్రిలో కలిపేయాలన్న డెక్ ఆమె బల్ల మీదికి వచ్చిన రోజు మాత్రం నవ్వు రాలేదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన అన్నయ్య వెళ్లేది ఆ విభాగానికే. వదిన పోయాక ఆమె దగ్గరే ఉంటున్నాడు. ఇంటి నుంచి కర్ర ఊతంతో నడిచిపోయేంత దూరం. అక్కడ ఫిజియో మేడమ్ అతనికి చెక్కపలక మీద బిగించిన గుడ్డముక్కలు ఇచ్చి గుండీలు పెట్టించేది. జీవితమంతా కాజాలు కుట్టిన మనిషి, కాజా ఎక్కడుందో వేళ్లతో వెతుక్కునేవాడు. ఈమధ్యే తన చొక్కాకి పై గుండీ తానే పెట్టుకున్నాడు. ఆ పూట చొక్కా విప్పనివ్వలేదు.

ఆమె డెక్ తెరవకుండానే ప్లానింగ్ అధికారి గదికి వెళ్లింది.

“సార్, మా అన్నయ్య అక్కడికే వెళ్తాడు. ఇది ఇంకెవరికైనా ఇవ్వండి.”

“ఇంకెవరున్నారమ్మా? మీ చేతిలో పడితేనే నాకు నిశ్చింత. మీ నిజాయితీ నాకు తెలీదా?” అన్నాడతను, ఎంతో ఆదరంగా.

ఆమె తిరిగొచ్చి శీర్షికలు రాసుకుంది. పాత భవనం చికిత్సకు తగదు. విభాగానికి వచ్చే రోగులు తగ్గుతున్నారు. అంటే, ఆ ప్రాంతంలో అవసరం తగ్గింది. ఉన్నవారు పెద్దాసుపత్రికి మారతారు. కలిపేస్తే అందరికీ మెరుగైన చికిత్స.

మొదటిదానికి ఇంజినీరు నివేదిక జతచేసి ఉంది. గోడల్లో చెమ్మ, కప్పులో పగుళ్లు. అది తప్పయితే బాగుండునని ఆమె మనసు ఒక్కసారి పీకింది. తప్పు కాదు. టిక్కు పెట్టింది. రెండోదానికి గీత ఉంది, కిందికి దిగుతోంది. అదీ నిజమే. మూడోదాని దగ్గర ఆగింది. రావడం తగ్గడం వేరు, అవసరం తగ్గడం వేరు. డెక్ చివర ఎవరూ చూడని అనుబంధంలో సిబ్బంది పట్టిక ఉంది. గీత దిగిన నెలలన్నీ, ఇప్పుడున్న ఫిజియో మేడమ్ రాకముందు, ఫిజియోథెరపిస్టు పోస్టు ఖాళీగా ఉన్న నెలలే. పట్టేవాళ్లు లేని చోటికి పడిపోయిన చెయ్యి ఎందుకు వస్తుంది? సున్నా. నాలుగోదాని కింద ఒక ముసలామె నవ్వుతున్న ఫొటో తప్ప ఏమీ లేదు. ఇంకో సున్నా.

సున్నాలు చుట్టి తన చెయ్యి వైపు చూసుకుంది. ఇవి ఖాళీలు గనక చుట్టానా, అన్నయ్య కోసం చుట్టానా? కాగితం బల్లసొరుగులో పెట్టి, మర్నాడు ఇంకెవరిదో అనుకుని మళ్లీ చదివింది. ఖాళీలు అక్కడే ఉన్నాయి.

డెక్ చేసిన అమ్మాయి పక్క గదే. వయసులో చిన్నదైనా పనిలో పండిపోయింది.

“ఈ ‘అవసరం తగ్గింది’ ఎక్కణ్ణించి తెచ్చావే?” అని అడిగింది సారాంశమ్మ.

“అక్కా, నిజం చెప్పనా? శీర్షికలు పైనుంచి వచ్చాయి. వాటి కిందికి సరిపడే బొమ్మలు వెతకడమే నా పని.”

“తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టుంది. మరి ఆ నవ్వే ముసలావిడ?”

“ఆవిడ మన ఊరే కాదక్కా. ఇంటర్నెట్లో దొరికింది.”

ఇద్దరూ నవ్వారు. తర్వాత నవ్వు ఎక్కడ ఆపాలో తెలీక ఆగిపోయారు.

సారాంశమ్మ రెండు ఖాళీలనూ రాసి అధికారికి పంపింది. అవసరం తగ్గిందనడానికి ఆధారం లేదు. ఖాళీ పోస్టు వల్ల కూడా రాక తగ్గి ఉండొచ్చు. రోగులు మారతారనడానికి ఆధారం లేదు. వాళ్లను ఎవరూ అడగలేదు. అతను కోప్పడలేదు సరికదా, గదికి పిలిపించి, లేచి నిలబడి మెచ్చుకున్నాడు. “భలే పట్టారమ్మా. మండలిలో ఎవరైనా అడిగుంటే నా పరువు పోయేది. ఆధారం కావాలంతేగా, తెప్పిస్తాను.”

ఆ సాయంత్రం ఆమె మనసు తేలికపడింది. ఆ రోజుల్లో ఆమెకు దక్కిన తేలిక అదొక్కటే.

కొన్నాళ్లకు అన్నయ్య హుషారుగా ఇంటికొచ్చాడు. కర్ర మూలన పెట్టకముందే మొదలుపెట్టాడు.

“ఇవాళ మీ ఆఫీసు వాళ్లెవరో వచ్చారే. ఫిజియో మేడమ్‌ని పక్కకి పొమ్మని మమ్మల్నే అడిగారు. మా అభిప్రాయం కావాలట!”

“ఏమడిగారు?”

“పెద్దాసుపత్రిలో మంచి మిషన్లతో ఇదే చికిత్స ఇస్తే మీకిష్టమేనా అని. ఇష్టం కాక చేదా? అవునన్నాను. ఎడంచేత్తో సంతకం కూడా పెట్టాను, వంకరగా వచ్చిందిలే.”

“అక్కడికి ఎలా వెళ్తావని అడిగారా అన్నయ్యా?”

“అది వాళ్లెందుకు అడుగుతారు? వాళ్లు పంపిస్తారేమో. ఇన్నాళ్లకి ఎవరో ఒకరు నన్నో మాట అడిగారే. నువ్వు పోలీసులా మొహం పెట్టకు.”

ఆమె కాఫీ కలపడానికి లోపలికి వెళ్లి, గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయింది.

కొత్త డెక్ వచ్చింది. ‘అవసరం తగ్గింది’ అన్న శీర్షిక లేదు. అనుబంధంలో సిబ్బంది పట్టికా లేదు. నవ్వే ముసలామె స్థానంలో గుండ్రటి బొమ్మ, దాదాపు అంతా ఒకే రంగు: రోగులు మార్పును కోరుకుంటున్నారు. ఆ రంగులో అన్నయ్య కూడా ఉన్నాడు. ఆమె అడిగిన ఖాళీని అన్నయ్య వంకర సంతకంతోనే పూడ్చారు.

ఖాళీ పూడలేదని ఆమెకు తెలుసు. ఇష్టమేనా అని అడిగారు, రాగలరా అని అడగలేదు. ఇప్పటికీ వస్తున్నవాళ్లను అడిగారు, రాలేక మానేసినవాళ్లను అడగలేదు. కానీ ముందటి ఖాళీ నోరు తెరుచుకుని కనిపించేది. దీనికి అంకెల మూత ఉంది. తాను అడగకపోయి ఉంటే డెక్ బలహీనంగానే వెళ్లేది, మండలిలో ఎవరో ఒకరు వేలు పెట్టేవారేమో. పెట్టకపోదురేమో కూడా. ఇప్పుడిక వేలు పెట్టడానికి చోటే లేదు.

అయినా సారాంశంలో ఒక వాక్యం రాసింది: రోగులు అక్కడిదాకా ప్రయాణం చేయగలరో లేదో ఈ సర్వే చెప్పదు.

అధికారి పిలిచాడు. ఈసారి ఆదరం లేదు, అలసట ఉంది.

“మీరు ఆధారం అడిగారు, ఇచ్చాం. ఇప్పుడు ఆధారానికి ఆధారం అంటారు. దీనికి అంతెక్కడ?”

“ప్రశ్న తప్పుగా అడిగారు సార్. ఇంకొక్క ప్రశ్న అడిగిస్తే...”

“మీ అన్నయ్యగారు అవునన్నవాళ్లలో ఉన్నారు, చూశారా? ఆయనకి లేని అభ్యంతరం మీకెందుకమ్మా? మండలిలో ఎవరైనా అంటే బాగుండదు, ఇంటి సంగతి ఆఫీసు కాగితంలోకి తెచ్చారని. మీరే కదా, ఇది ఇంకెవరికైనా ఇవ్వమన్నారు?”

ఆమె దగ్గర జవాబుంది. ఆ జవాబు ఏ నోటి నుంచి వచ్చినా నిజమే. ఆమె నోటి నుంచి వస్తే మాత్రం చెల్లదు. అతను పెన్ను తీసి ఆ వాక్యం ఒక్కటే కొట్టేశాడు, చాలా సన్నని గీతతో. మిగతా పేజీని ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరం లేకుండా ఆమే రాసింది.

మండలి సమావేశం గదిలో కాగితాలు సర్ది బయట కుర్చీలో కూర్చుంది. తలుపు సందులోంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది: “ఎవరు రాశారో గానీ నీళ్లలా ఉందయ్యా పేజీ. సందేహానికి చోటే లేదు.” కుర్చీలు కదిలాయి. తర్వాతి అంశంలోకి వెళ్లారు.

అన్నయ్య పెద్దాసుపత్రికి ఒక్కసారి వెళ్లాడు. ఆమె సెలవు పెట్టి తీసుకెళ్లింది. బస్సు మారాలి. రెండో బస్సు మెట్టు ఎత్తు. వెనకవాళ్లు తోస్తుంటే కాలు ఎత్తలేక కమ్మీ పట్టుకుని వేలాడాడు. కండక్టరు విసుక్కున్నాడు. అక్కడ మిషన్లు నిజంగానే బాగున్నాయి. తిరిగొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“ఎప్పుడూ నువ్వు సెలవు పెట్టలేవు కదా,” అన్నాడు గోడతో. “వచ్చేవారం చూద్దాంలే.”

వచ్చేవారాలు చాలా వచ్చాయి. పై గుండీ మళ్లీ చేతికి అందకుండా పోయింది. పొద్దున్నే ఆమె ఆఫీసుకు పోయేముందు గుండీలు పెట్టడం, అతను సీలింగు వైపు చూడటం ఇద్దరికీ అలవాటైంది.

“వాళ్లడిగినప్పుడు నేనన్నది లెక్కలోకి వచ్చిందంటావా?” అని ఒకరోజు అడిగాడు.

“వచ్చింది అన్నయ్యా.”

“చూశావా మరి,” అన్నాడు, కాస్త గర్వంగానే.

ఆ ఆదివారం తన చొక్కాలన్నీ మంచం మీద వేయించుకున్నాడు. పాత సూదుల డబ్బా ఆమె ఒళ్లో పెట్టించాడు. పై గుండీ ఒక్కటి వదిలేసి, ముందుభాగం కిందిదాకా మూసి కుట్టెయ్యమన్నాడు, తలమీంచి తొడుక్కుంటాడట.

“కాజాలు పాడవుతాయేమో అన్నయ్యా. ఎంత బాగా కుట్టావు ఇవి!”

“ఇంకెందుకే అవి? కుట్టు మాత్రం దగ్గరదగ్గరగా వెయ్యి. పైకి కనిపించకూడదు.”

ఆమె సూదిలో దారం ఎక్కించింది. అతను ఎడంచేత్తో చొక్కాను తిరగేసి, లోపలి వైపు చూస్తూ, ఎక్కడ మొదలుపెట్టాలో చూపించాడు.