ఉత్తరాన బోరింగు

రిజిస్ట్రేషను పన్నెండు గంటలకు. ప్రొద్దుటూరు బడిలో పిల్లలకు వండిపెట్టే ఓబులమ్మకు పొద్దుటి నుంచీ ధ్యాసంతా దాని మీదే. పద్నాలుగేళ్లుగా కూడబెట్టిన డబ్బంతా మూడు సెంట్ల జాగాలో పోయబోతోంది. అది పోతే మళ్లీ సంపాదించే వయసు కాదు.

కాగితాల్లో వంక లేదు. దస్తావేజులు రాసే ఖాజాపీరు జాగా ఎవరెవరి చేతులు మారిందో చూపే ముప్పై ఏళ్ల ఈసీ తీయించాడు. తొంభై ఒకటిలో కొన్నవాడు రెండువేల తొమ్మిదిలో అమ్మాడు, కొన్నాయన తన కొడుకు వీరశేఖర్‌కు దానమిచ్చాడు, ఇప్పుడు అమ్ముతున్నది ఆ వీరశేఖరే. లింకు దస్తావేజులన్నీ గొలుసులా కలిశాయి, ఎక్కడా తాకట్టు లేదు.

"కానీ వదినా," అన్నాడు ఖాజాపీరు, "రిజిస్టరైందే ఈసీలో కనపడేది. నేల మీద ఎవరుండారో దానికి తెలీదు. హద్దులు చూసుకో."

వీరశేఖర్ ముందే చూపించాడు. ఖాళీ జాగా, నాలుగు మూలలా రాళ్లు. అయినా ఆమె గుండె కుదురుకోలేదు. దస్తావేజు జిరాక్సు కాగితం రొంటిన దోపుకుని ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వెళ్లింది.

కాగితంలోని హద్దులు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తూర్పున బండ్ల బాట. ఉత్తరాన పంచాయతీ బోరింగు.

బోరింగు ఉంది. కానీ ఖాళీ జాగాకు అది దక్షిణాన ఉంది. దిక్కులు తప్పానేమోనని ఎండ వైపు తిరిగి మళ్లీ చూసింది. ఉత్తరాన బోరింగు ఉండేది దానికి అవతలి జాగాకు. అందులో రేకుల ఇల్లుంది, వాకిట్లో ఒకామె బియ్యం చెరుగుతోంది.

"ఈ జాగా ఎవరిదమ్మా?"

"మాదే. తొంభై ఎనిమిది నుంచీ ఈడే ఉండాం." ఆమె పేరు తులశమ్మ. ఓబులమ్మ చేతిలో కాగితం చూడగానే చేట కింద పెట్టేసింది. "అమ్మినాయప్ప అగ్రిమెంటు రాసిచ్చి జాగా అప్పజెప్పినాడు. రిజిస్ట్రేషను రేపు మాపు అని తిప్పి తిప్పి చచ్చిపోయినాడు. నువ్వు కొన్నావా అక్కా?"

తొంభై ఒకటిలో కొన్నవాడే ఈమెకు అగ్రిమెంటు రాసిచ్చి, రెండువేల తొమ్మిదిలో మళ్లీ వీరశేఖర్ తండ్రికి రిజిస్టరు చేశాడని ఓబులమ్మకు అర్థమైంది. ఇంకో గంటలో వేలిముద్ర వేసి ఉంటే ఈ వాకిట్లోకి పోలీసులను వెంటబెట్టుకుని వచ్చేది తనే. లేదా చచ్చేదాకా కోర్టు మెట్లెక్కేది తనే.

"కొనలే," అంది. "ఆ అగ్రిమెంటు భద్రంగా పెట్టుకో. కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రశీదులు గూడా. ఈ పొద్దే లాయరు కాడికి పో."

ఫోను మోగింది. వీరశేఖర్.

"ఏం పెద్దమ్మా, యాడుండావు? అందరం ఆఫీసు కాడ కాసుకోనుండాం."

అబద్ధం చెప్పాలనుకుంది, నోరు రాలేదు. "నీ జాగా కాడే ఉండా నాయనా. కాగితంలో ఉండేదాని కాడ."

అతను మెల్లగా, మర్యాదగా అన్నాడు.

"ఆడే ఉండు పెద్దమ్మా. నేనే వస్తాండా. నా తావ ఇంకో నలుగురుండారులే, వాళ్లనూ పిల్చుకోనొస్తా."

ఫోనులో మాటలు విన్న తులశమ్మ ఓబులమ్మను రెక్క పట్టి లోపలికి లాగి తలుపు గడియ వేసింది.