రెండు గీతలు జారిన మనవరాలు

“అత్తయ్యా, అన్నం తినలేదని మళ్ళీ పాలసీసా ఇచ్చేశారా?” అంది కోడలు.

“రెండేళ్ల పిల్లని పస్తు పడుకోబెట్టమంటావా?”

“ఆ పాలతోనే కడుపు నిండిపోతోందని డాక్టరమ్మ మీ ఎదుటే చెప్పింది కదా!”

చెప్పింది. ఆ మధ్యాహ్నమే మేముండే టోవా పాయో పేట క్లినిక్‌లో, వయసుకి ఎంత బరువుండాలో గీతలు గీసిన పటం చూపించింది. పిల్ల సన్నగా ఉండటం తప్పు కాదట. తన గీత వెంట సాగాల్సింది, రెండు గీతలు కిందికి జారిందట. పాలు తగ్గించి, వేళకి కొంచెం కొంచెంగా నెయ్యో గుడ్డో కలిపి పెట్టమంది. బలవంతం వద్దంది. వచ్చే నెల బరువు పెరగకపోతే రక్తపరీక్షలట. గుబులుతో నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారాక పిల్ల సీసా కోసం ఏడ్చింది. ఇవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని గుడ్డు దోసె పెట్టాను. రెండు ముక్కలు తిని తోసేసింది. మిగిలింది పారేయలేక నేనే తిన్నాను.