ఎర్ర సిరాకు గడి లేదు

ఆఫీసులో అందరూ ఆవిడను కార్డులక్క అనేవారు. ఎదురుగా మర్యాదకు, వెనక వెటకారానికి, రెంటికీ అదే పేరు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పని ఒకటే. షోరూముకు వచ్చి, కుర్చీలో కూర్చుని చూసి, కొనకుండా వెళ్లిపోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడం.

ఆ కంపెనీ చేసేది ఒకే రకం కుర్చీ. మోకాళ్లు సహకరించని మనిషి బొత్తాం నొక్కితే, కుర్చీ మెల్లగా ముందుకు వంగి మనిషిని లేపి నిలబెడుతుంది. చూడటానికి సోఫాలో సగం. దాన్ని కొనాలని వచ్చేవాళ్లు సరదాగా రారు. ఇంట్లో ఎవరో పడిపోయాక వస్తారు. కూర్చుంటారు, లేస్తారు, ధర అడుగుతారు, కొలత అడుగుతారు, ఆలోచించుకుని చెప్తామంటారు. వాళ్లు గుమ్మం దాటగానే కార్డులక్క అరచేతంత అట్టముక్క తీసి వాళ్ల పేరు, నంబరు, మెయిలు, ఎందుకు కొనలేదో వాళ్ల మాటల్లోనే రాసేది. తర్వాత ఎప్పుడైనా ఫోనులో ఇంకేమైనా చెప్తే దాని కింద ఇంకో వరుస. నీలం సిరాతో రాస్తే మళ్లీ పలకరించవచ్చని. ఎర్ర సిరాతో రాస్తే ఆ గడప తొక్కకూడదని. ఈ కట్టుబాటు ఆవిడకూ ఆవిడ రెండు కలాలకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు.

ఆ కార్డులు దాచే డబ్బాలో మొదటిది కార్డులక్క వాళ్లమ్మదే. సిబ్బందికి తగ్గింపు ఇస్తామన్నా ఆవిడ ఒప్పుకోలేదు. "నన్ను లేపడానికి నువ్వున్నావుగా" అంది. కార్డులక్క నవ్వుకుని ఆ మాటే నీలం సిరాతో రాసుకుంది, మెయిలు దగ్గర తనదే వేసింది.

లెక్కల టీచరమ్మ కార్డు మధ్యలో ఎక్కడో ఉండేది. పక్షవాతం వచ్చిన భర్త కోసం సొంతంగా టేపు పట్టుకుని వచ్చిన మనిషి. కుర్చీ వెడల్పు ముప్పై అంగుళాలు, పడగ్గది తలుపు ఇరవై ఆరు. "కుర్చీ బాగుందమ్మా, మా తలుపే బాగోలేదు" అని వెళ్లిపోయింది. ఏడు నెలల తర్వాత కార్డులక్క ఫోను చేసింది. ఆయన పోయి పదిరోజులయిందని టీచరమ్మ చెప్పింది. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, కుర్చీ మాటే రాలేదు. ఫోను పెట్టేశాక కార్డులక్క ఎర్ర కలం తీసి రాసింది: ఆయన పోయారు. ఇక రాయకూడదు.

ఈలోగా కంపెనీ పెట్టిన పెద్దాయనకు ఓపిక తగ్గి, వ్యాపారం అల్లుడుగారి చేతికి వచ్చింది. చెడ్డవాడేం కాదు. పొద్దున్నే వస్తాడు, గొంతు పెంచడు, అందరినీ గారూ అంటాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, ఏ మనిషిని చూసినా వెనక ఇంకో వెయ్యిమంది కనిపిస్తారు. రాగానే కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించమన్నాడు. పేరుకో గడి, నంబరుకో గడి, మెయిలుకో గడి, చివర 'ఆఖరి మాట' అని ఇంకో గడి. ఎర్ర సిరా సంగతి ఎక్కడ పెట్టాలని ఆవిడ అడిగింది. అదే గడిలో రాసేయండి, అన్నీ అందులోనే ఉంటాయి కదా అన్నాడు. నెలరోజులు కూర్చుని ఆరువందల నలభై కార్డులు ఆవిడే ఎక్కించింది. తెరమీద అక్షరాలన్నీ నల్లగానే పడ్డాయి. ఈ పాపంలో నా వాటా నెలరోజుల పని అని తర్వాత ఆవిడే అనుకునేది.

షెడ్డులో మేస్త్రీ ఏడాది కుస్తీపట్టి మోటారును పక్కనుంచి సీటు కిందకు మార్చాడు. కుర్చీ ఇరవై నాలుగు అంగుళాలకు దిగింది. అల్లుడుగారు వెంటనే ప్రకటన ఒకటి రాయించాడు. శుభవార్త, సరికొత్త, అద్భుతం, త్వరపడండి, చివర మూడు ఆశ్చర్యార్థకాలు. ఇవన్నీ వార్మ్ లీడ్స్ అండీ, ఒకసారి మన దగ్గరికి వచ్చినవాళ్లే, చల్లారకముందే అందరికీ ఒక్క దెబ్బలో పంపేద్దాం అన్నాడు. కార్డులక్కకు ఒళ్లు మండింది. మన ఇంటికి వచ్చి కష్టం చెప్పుకున్న మనిషికి, దారినపోయేవాడికిచ్చే కరపత్రం ఇస్తామా అని అడిగింది. ఆయన నొచ్చుకోలేదు. సరే, ఒక వారం మీ పద్ధతిలో చేసి చూపించండి అన్నాడు.

ఆవిడ పద్ధతిలో పెద్ద కిటుకేమీ లేదు. కార్డులు తిరగేసి, తలుపు పట్టలేదన్నవాళ్లను మాత్రం పక్కకు తీసింది, ఎనభై మూడుమంది తేలారు. ధర ఎక్కువన్నవాళ్ల జోలికి పోలేదు, ధర తగ్గలేదు గనక. మొదట పద్నాలుగు మందికి, తన సొంత మెయిలు నుంచి, బొమ్మలూ రంగులూ లేకుండా రాసింది. రోజుకు నాలుగైదుకు మించి పంపలేదు, జవాబొస్తే ఆ రోజే పలకాలని. కుట్టుపని చేసే ఒకాయనకు రాసింది ఇది:

"నమస్కారం. నిరుడు మీ అమ్మగారితో వచ్చినప్పుడు మీ తలుపు ఇరవై ఐదు అంగుళాలేనని, కుర్చీ పట్టదని అన్నారు. ఇప్పుడు ఇరవై నాలుగు అంగుళాలది చేశాం. లేపే తీరు పాతదే. ధర కూడా పాతదే, తగ్గలేదు. అమ్మగారికి ఇంకా అవసరం ఉందా? ఉందనో లేదనో ఒక్క మాట రాస్తే చాలు."

కింద తన పేరు, తన నంబరు.

పద్నాలుగింటికి తొమ్మిది జవాబులు వచ్చాయి. రెండింటిలో అవసరం తీరిపోయిందని ఉంది, వాటికి ఆవిడ వెంటనే ఎర్ర కలం అందుకుంది. నలుగురు మళ్లీ వచ్చి కూర్చుని చూశారు. కుట్టుపనాయన కొన్నాడు కూడా. అల్లుడుగారు ఆ లెక్క విని కుర్చీలోంచి లేచాడు, బొత్తాం నొక్కకుండానే.

"పద్నాలుగుకే తొమ్మిదంటే, ఆరువందల నలభైకి ఎంతమందో చూడండి" అన్నాడు.

"వాళ్లు అడిగినదానికి జవాబు రాశానండీ. మిగతావాళ్లు ఇది అడగలేదు" అంది కార్డులక్క.

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఆయనకు ఉత్తరం నచ్చింది, అదే వచ్చిన చిక్కు. కరపత్రాన్ని మెచ్చుకునుంటే ఇంత నష్టం జరిగేది కాదు.

శనివారం పొద్దున ఆవిడ ఎవరింటికో తలుపు కొలవడానికి వెళ్లింది. స్టూలెక్కి టేపు పట్టుకుని ఉండగా చేతిసంచిలో ఫోను మోగింది. దిగి చూస్తే మెయిలు. పంపినవారి పేరు తనదే. వచ్చింది తనకే, వాళ్లమ్మ కార్డు మీద.

"నమస్కారం. మీరు అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: 'నన్ను లేపడానికి నువ్వున్నావుగా.' ఇప్పుడు ఆ ఇబ్బంది తీరిపోయింది. మా కొత్త కుర్చీ ఇరవై నాలుగు అంగుళాలే. ఒక్క మాట రాస్తే చాలు."

కింద తన పేరు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత 'ఆఖరి మాట' గడిలో తను ఎక్కించినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ధర ఎక్కువ, ఇప్పుడు ఆ ఇబ్బంది తీరిపోయింది. కోడలు వద్దంటోంది, ఇప్పుడు ఆ ఇబ్బంది తీరిపోయింది. టీచరమ్మ గడి తలపుకు రాగానే ఆ ఇంటివాళ్లకు ఏం చెప్పిందో కూడా తెలియకుండా టేపు అక్కడే వదిలేసి బయటపడింది. ఆఫీసుకు ఫోను చేస్తే అల్లుడుగారు ఉత్సాహంగా, మీ ఉత్తరంలోనే ఎవరి ఆఖరి మాట వాళ్లకు కంప్యూటరు పెట్టేసింది, పొద్దున పదింటికే అన్నీ వెళ్లిపోయాయండీ, అప్పుడే యాభై జవాబులు అన్నాడు. వెళ్లినవాటిని వెనక్కి లాగే దారి లేదు.

నేరుగా టీచరమ్మ ఇంటికి వెళ్తే టీచరమ్మే తలుపు తీసింది. లోపలికి రమ్మంది, కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. కసురుకుని ఉంటే కార్డులక్కకు తేలికగా ఉండేది. బల్లమీద ఫోను తెరిచే ఉంది. టీచరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల పరీక్ష పేపరు చదివినట్టు మెల్లగా చదివింది.

"మీరు అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. ఆయన పోయారు. ఇక రాయకూడదు. ఇప్పుడు ఆ ఇబ్బంది తీరిపోయింది."

చదివి కళ్లద్దాలు తీసింది.

"ఇది నేను పంపింది కాదండీ" అంది కార్డులక్క.

"తెలుసమ్మా. నీతో అరగంట మాట్లాడినదాన్ని, నాకా మాత్రం తెలియదా? కానీ ఈ మాటలు నీవే కదా. ఎక్కడ రాసుకున్నావు?"

"కార్డు మీద."

"ఎందుకు రాసుకున్నావు?"

"మీకు మళ్లీ రాయకూడదని."

టీచరమ్మ తల ఊపింది. పడగ్గది తలుపు దగ్గరగా వేసి ఉంది. కార్డులక్క దాన్ని చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా కళ్లు అటే పోయాయి. నిజంగానే చిన్న తలుపు. కుర్చీ రెండేళ్లు ముందు చేసుంటే పట్టేది. వెళ్తుంటే టీచరమ్మ గుమ్మందాకా వచ్చి, "నా నంబరు తీసెయ్యమ్మా" అని మాత్రం అంది. పద్దెనిమిదేళ్లలో కార్డులక్కతో ఆ మాట అన్న మొదటి మనిషి టీచరమ్మే.

సోమవారం కార్డులక్క అల్లుడుగారి గదిలోకి వెళ్లింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు, ఆ ఒక్క కేసు పొరపాటే, గడులు సరిచేయిస్తాను అన్నాడు. కోపంగా రాసినవాళ్లు అరవైమంది దాకా ఉన్నారు, ఒక కోడలు కార్డులక్కను పేరు పెట్టి తిట్టింది. కాని పదకొండు కుర్చీలు అమ్ముడయ్యాయి. పదకొండు ముందు అరవై ఆయన కంటికి ఆనలేదు.

"గడులు మీ ఇష్టం. కింద నా పేరు తీసెయ్యండి" అంది ఆవిడ.

ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. "పేరు తీసేస్తే అది మామూలు ప్రకటన అయిపోతుంది కదండీ."

ఇన్నాళ్లూ గోడకు చెప్పుకున్నానని అనుకుంది కాని, గోడ అంతా విన్నది. విని, తనకు కావలసినంత తీసుకుంది. ఆ నెలాఖరుకు ఆవిడ ఉద్యోగం మానేసింది. కార్డుల డబ్బా అడిగితే, అది కంపెనీది, ఇవ్వడం కుదరదన్నారు. రెండు కలాలు మాత్రం సంచిలో వేసుకుని వచ్చింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, వాళ్లమ్మను చంకల కింద చేతులేసి లేపుతుండగా ఫోను మోగింది. అమ్మను నిలబెట్టి, చేతికర్ర అందించి చూసింది. కొత్త కుర్చీకి మసాజు కూడా పెట్టారట. మీరు అన్న మాట నాకు ఇంకా గుర్తుంది అని మొదలైంది. కింద తన పేరు.

ఎవరే అంది వాళ్లమ్మ. ఎవరో లేమ్మా అంది. అని నిలబడే జవాబు రాసింది: ఇక రాయకూడదు.

నిమిషం తిరక్కుండా తన పేరుతోనే తనకు జవాబు వచ్చింది.

"మీ మాట అందింది. నాకు గుర్తుంటుంది."